చార్జ్‌బ్యాక్‌ల తర్వాత గేట్‌వే ఆపేసిన డబ్బును విడిపించుకోవడం ఎలా: బరంపురం చీరల వ్యాపారులకు సమగ్ర మార్గదర్శి

దసరా నుంచి మాఘమాసం ముహూర్తాల దాకా బరంపురం పట్టుచీరలకు గిరాకీ ఎక్కువ. ఇన్‌స్టాగ్రామ్‌లో ఫోటో పెట్టి, వాట్సాప్‌లో బేరం కుదుర్చుకుని, పేమెంట్ లింకు పంపి అమ్మేవాళ్లకు, కొన్నవారు తమ బ్యాంకుకు ఫిర్యాదు చేసి డబ్బు వెనక్కి అడిగే చార్జ్‌బ్యాక్‌లు వచ్చేది కూడా ఈ రోజుల్లోనే. ఇలాంటి ఫిర్యాదులు, అంటే డిస్ప్యూట్లు, నాలుగైదు పడగానే పేమెంట్ గేట్‌వే నుంచి ఒక ఈమెయిల్ వస్తుంది: మీ ఖాతాలో ఇంత మొత్తాన్ని రిజర్వ్‌గా ఉంచుతున్నాం, ఫలానా రోజుల తర్వాత సమీక్షిస్తాం. ఇక్కడ నేతవారికి కూలి శనివారం ఇవ్వాలి, జరీ వ్యాపారికి బాకీ కట్టాలి. చేతికి రావలసిన డబ్బు మాత్రం డాష్‌బోర్డులో అంకెగా మిగిలిపోతుంది.

ఇలాంటప్పుడు ఎక్కువమంది తమ బలమంతా డిస్ప్యూట్లు గెలవడం మీదే పెడతారు. గెలవాలి, నిజమే. కానీ డిస్ప్యూట్ గెలిస్తే ఆ ఒక్క చీర డబ్బే తిరిగి వస్తుంది, రిజర్వ్ ఉన్నచోటే ఉంటుంది. రెండూ వేర్వేరు లెక్కలు. చూసేదీ వేర్వేరు బృందాలే. ముందు ఇది స్పష్టంగా తెలుసుకుంటే మిగతా పనంతా తేలికవుతుంది.

ఆపింది ఏ డబ్బో ముందు తేల్చుకోండి

డాష్‌బోర్డులో సెటిల్‌మెంట్ల పేజీ తెరవండి. కొనుగోలుదారు బ్యాంకు చార్జ్‌బ్యాక్ వేయగానే ఆ ఆర్డరు సొమ్మును, ఒక్కోసారి దానితో పాటు ఫీజును, మీ బ్యాలెన్సులోంచి తీసి పక్కన పెడతారు. ఇది డిస్ప్యూట్ మొత్తం. ఏ ఆర్డరుకు ఎంతో పైసలతో సహా కనిపిస్తుంది. రిజర్వ్ అలా కాదు. ఏ ఒక్క ఆర్డరుకూ అంటిపెట్టుకుని ఉండదు. రేపు మరికొందరు ఫిర్యాదు చేసే సమయానికి మీ ఖాతాలో డబ్బు లేకపోతే ఆ నష్టం గేట్‌వే మీద, దాని వెనకున్న బ్యాంకు మీద పడుతుంది. అందుకు ముందుగానే కొంత పట్టి ఉంచుతారు. అద్దె ఇంటి అడ్వాన్సు లాంటిదనుకోండి. కుళాయి బాగుచేయించామని ఎవరూ అడ్వాన్సు తిరిగి ఇవ్వరు, ఇల్లు ఖాళీ చేసి చూపిస్తేనే ఇస్తారు.

రిజర్వులోనూ రకాలున్నాయి. ఒకేసారి ఒక మొత్తాన్ని ఆపడం ఒక పద్ధతి. వచ్చే ప్రతి అమ్మకంలో కొంత శాతం పట్టి, కొన్ని నెలల తర్వాత పట్టిన వరసలోనే విడుదల చేయడం రెండోది, దీన్ని రోలింగ్ రిజర్వ్ అంటారు. మూడోది సెటిల్‌మెంట్లన్నీ పూర్తిగా ఆపేయడం. చాలాసార్లు దీనికి కారణం డిస్ప్యూట్లు కాదు, కేవైసీలో ఏదో తేడా. మీది ఏ రకమో ఈమెయిల్‌లో లేకపోతే సపోర్టుకు టికెట్ వేసి నాలుగు విషయాలు రాతపూర్వకంగా అడగండి: రిజర్వ్ ఏ రకం, మొత్తం లేదా శాతం ఎంత, సమీక్ష తేదీ ఏది, ఒప్పందంలో ఏ నిబంధన ప్రకారం ఆపారు. ఫోనులో చెప్పించుకోవద్దు. తర్వాత పై అధికారికి వెళ్లవలసి వస్తే మీ చేతిలో ఉండేది ఈ జవాబే.

ఈలోగా చేయకూడనివి

డిస్ప్యూట్ పడ్డాక కొనుగోలుదారు వాట్సాప్‌లో కోప్పడుతుంటే, గొడవెందుకని నేరుగా యూపీఐలో డబ్బు తిరిగి పంపేస్తుంటారు. దీంతో రెండుసార్లు నష్టపోతారు. చార్జ్‌బ్యాక్ సొమ్ము మీ బ్యాలెన్సులోంచి అప్పటికే వెళ్లిపోయింది, మీరు పంపింది దానికి అదనం. డిస్ప్యూట్ మాత్రం మూతపడదు. తిరిగి ఇవ్వాలనుకుంటే డాష్‌బోర్డులో ఆ డిస్ప్యూట్‌ను అంగీకరించండి, అంతకు మించి ఏమీ పంపనక్కర్లేదు. అసలు డిస్ప్యూట్ పడకముందే కొనుగోలుదారు అడిగితే గేట్‌వే ద్వారానే రిఫండ్ చేయండి. దానికి రికార్డు ఉంటుంది.

రెండోది, బావగారి పేరు మీదో మరదలి పేరు మీదో కొత్త ఖాతా తెరిచి అదే పేజీ అమ్మకాలు అటు మళ్లించడం. ఫోను నంబరు, బ్యాంకు ఖాతా, వెబ్‌సైటు, సరుకు వెళ్లే చిరునామా, వీటిలో ఏ ఒక్కటి కలిసినా రిస్కు బృందం రెండు ఖాతాలనూ ఆపుతుంది. అప్పుడు మీరు జవాబు చెప్పుకోవలసింది డిస్ప్యూట్లకు కాదు, దాచినందుకు.

డిస్ప్యూట్లను విడదీయండి: ఏది ఒప్పుకోవాలి, దేనికి పోరాడాలి

ఇక్కడి నుంచి ఒక ఊహాత్మక దుకాణం లెక్కతో నడుద్దాం. పాత బరంపురంలో ఇంటి నుంచే అమ్మే ఒక అక్క. మూడు నెలల్లో 150 చీరలు, సగటున ఒక్కోటి 7,200 రూపాయలు, మొత్తం 10,80,000. ఆరు డిస్ప్యూట్లు, వాటి విలువ 44,500. అంటే వందకు నాలుగు. కార్డు అమ్మకాల్లో వందకు ఒకటి దాటితేనే రిస్కు బృందాలు కనిపెట్టి చూస్తాయి. చిన్న దుకాణానికి ఈ శాతం చాలా తొందరగా పెరుగుతుంది, భాగించడానికి ఉన్న ఆర్డర్లే తక్కువ కదా. గేట్‌వే 2,10,000 రూపాయలు రిజర్వ్‌గా ఆపింది.

ఆరింటిలో మూడు 'సరుకు అందలేదు' అన్నవి. మొదటిది 7,400 రూపాయల చీర. విశాఖలో పక్కింటివాళ్లు సంతకం చేసి తీసుకున్నారు. చీర అందించినట్టు కొరియర్ ఇచ్చే రుజువు, అంటే పీఓడీలో, పేరు, సమయం ఉన్నాయి. పోరాడవచ్చు. రెండోది 6,800. కొనుగోలుదారు ఇంట్లో లేక చీర ఆర్టీఓ అయి బరంపురం తిరిగి వచ్చి మూలన పడి ఉంది, డబ్బు వెనక్కి ఇవ్వలేదు. ఇది వెంటనే అంగీకరించవలసిందే. చీర మన దగ్గరే ఉండగా వాదిస్తే ఓడడమే కాదు, రిస్కు బృందం దగ్గర మన మాటకు విలువ పోతుంది. మూడోది 8,200. డిస్ప్యూట్ పడ్డాక నాలుగు రోజులకు చీర చేరింది. 'అందిందండీ, బాగుంది' అని ఆమె వాట్సాప్ కూడా చేశారు. పీఓడీ, ఆ చాట్ రెండూ జత చేయాలి. దాంతోపాటు, ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నానని ఆమె తన బ్యాంకుకు ఈమెయిల్ పంపి దాని ప్రతి మనకివ్వమని మర్యాదగా అడగాలి. ఇలాంటి కేసులో అన్నింటికంటే బలమైన కాగితం అదే.

'చెప్పినట్టు లేదు' అన్నవి రెండు. ఒకటి 7,900, ఫోటోలో మెరూన్, చేతికొచ్చింది ఇటుక రంగు. ఫోటోను ఫిల్టరుతో తీసిన సంగతి పేజీలో ఇప్పటికీ కనిపిస్తూనే ఉంది. ఒప్పుకుని, చీర వెనక్కి తెప్పించుకోవడం మేలు. రెండోది 9,200, 'ఇది అసలు పట్టు కాదు' అన్న ఫిర్యాదు. కేంద్ర పట్టు మండలి ఆధ్వర్యంలోని సిల్క్‌మార్క్ లేబుల్ ఆ చీరకు ఉంటే, ప్యాకింగ్ సమయంలో లేబుల్ నంబరుతో తీసిన ఫోటోతో దీన్ని బలంగా ఎదుర్కోవచ్చు. లేబుల్ లేకుండా 'మా నేతవారు అబద్ధమాడరు' అంటే బ్యాంకు వినదు.

ఆరోది 5,000, 'ఈ లావాదేవీ నాది కాదు' అన్నది. మన దేశపు కార్డుతో ఓటీపీ కొట్టి కట్టిన డబ్బయితే ఆ ధ్రువీకరణ రికార్డు గేట్‌వే దగ్గర ఉంటుంది. దాన్ని జత చేయమని వాళ్లనే అడగండి. ఓటీపీతో ధ్రువీకరించిన లావాదేవీలో మోసం జరిగిందంటే ఆ బాధ్యత మామూలుగా కార్డు ఇచ్చిన బ్యాంకుది, అమ్మినవారిది కాదు. ఇలాంటివాటిలో చాలా వాటికి కారణం మోసం కూడా కాదు. పేజీ పేరు ఒకటి, కార్డు స్టేట్‌మెంటులో పడే పేరు ఇంకొకటి. భార్య చీర కొంటుంది, నెలాఖరులో భర్త స్టేట్‌మెంటు చూసి బ్యాంకుకు ఫోను చేస్తాడు.

అంటే రెండు అంగీకారాలు, 14,700 రూపాయలు. నాలుగు పోరాటాలు, 29,800. జవాబుకు చివరి తేదీ డాష్‌బోర్డులో ఉంటుంది, చాలాచోట్ల వారం పది రోజులే ఇస్తారు. గడువు దాటితే మంచి కేసు కూడా ఓడినట్టే. ఒక్కో డిస్ప్యూట్‌కు అన్నింటినీ ఒకే పీడీఎఫ్‌గా పెట్టండి: పైన రెండు మూడు వాక్యాల్లో జరిగింది, కింద బిల్లు, పీఓడీ, చాట్, ఫోటో.

మన ప్రాంతానికే ఉన్న చిక్కు ఒకటుంది. చాట్ తెలుగులో, కొరియర్ స్లిప్పు మీద చేతిరాత ఒడియాలో. చదివేవాళ్లకు ఈ రెండూ రాకపోవచ్చు. స్క్రీన్‌షాట్ చెరపకుండా, ప్రతి ముఖ్యమైన వాక్యం కింద దాని అర్థం ఇంగ్లీషులో టైపు చేయండి. అనువదించామని చెప్పి మాటలు పెంచవద్దు. 'అందిందండీ' అంటే అందింది అనే రాయాలి.

అసలు పని: ఇంకా ఎంత ప్రమాదం మిగిలి ఉందో చూపించడం

డిస్ప్యూట్ల జవాబులు వెళ్లాక రిజర్వ్ సంగతికి రండి. రిస్కు బృందం వేసుకునే ప్రశ్న ఒక్కటే: ఈ వ్యాపారి రేపు మాయమైతే ఎంతమంది తమ డబ్బు వెనక్కి అడగగలరు? దానికి జవాబు మీ ఆర్డర్ల జాబితాలోనే ఉంది, కానీ వాళ్ల దగ్గర లేదు. కార్డు డబ్బు ఎప్పుడు కట్టారో వాళ్లకు తెలుసు. చీర ఎప్పుడు చేరిందో తెలియదు. తెలియనంతవరకు 150 చీరలూ చేరలేదనే లెక్క వేసుకుంటారు. మీరు పంపాల్సిన షీటు ఇలా ఉంటే చాలు:

```
order_id,payment_id,paid_on,amount,awb,courier,delivered_on,status
```

ఇందులో `payment_id` అన్నింటికంటే ముఖ్యం. గేట్‌వే వాళ్లు తమ రికార్డుతో పోల్చుకునేది దానితోనే, మీ బిల్లు నంబరుతో కాదు. ఇంకో జాగ్రత్త: కొరియర్ సైట్లలో ట్రాకింగ్ ఎప్పటికీ ఉండదు, కొన్నాళ్లకు పాత నంబర్లు తెరుచుకోవు. చీర చేరిన రోజే స్క్రీన్‌షాట్ తీసి, ఆర్డరు నంబరు పేరుతో దాచుకోవడం అలవాటు చేసుకోండి. స్పీడ్ పోస్టులో 2025 అక్టోబరు నుంచి ఓటీపీ చెబితేనే పార్సిల్ అందించే సదుపాయం కొద్దిపాటి అదనపు రుసుముతో ఉంది. ఖరీదైన చీరకు అది తీసుకోండి.

మన అక్క షీటు నింపితే ఇలా తేలిందనుకుందాం. డిస్ప్యూట్ లేని ఆర్డర్లు 144. వీటిలో 131 చేరినట్టు రుజువుంది. ఎనిమిది ఇంకా దారిలోనో మగ్గం మీదో ఉన్నాయి. ఐదింటికి రుజువు లేదు. శ్రీకాకుళం వైపు బస్సు పార్సిల్‌లో వేసినవి, తెలిసినవాళ్ల చేతికిచ్చి పంపినవి. ఈ ఐదింటిని చేరినవాటిలో కలిపేయాలనిపిస్తుంది. కలపవద్దు. ఆ కొనుగోలుదారులకు మెసేజ్ పెట్టి, అందినట్టు ఒక్క వాక్యం రాయించుకుంటే అవి ఎలాగూ జాబితా మారతాయి.

ఇప్పుడు లెక్క. రుజువు లేని 13 ఆర్డర్లు, ఒక్కోటి 7,200 చొప్పున 93,600 రూపాయలు. ఇది నిజంగా తెరిచి ఉన్న ప్రమాదం. చేరిన 131 పూర్తిగా సురక్షితం అనకూడదు. వీసా నిబంధనల్లో, సరుకు అందలేదనో చెప్పినట్టు లేదనో ఫిర్యాదు చేయడానికి సాధారణంగా 120 రోజుల గడువు ఉంటుంది. గతంలో 150కి రెండు 'చెప్పినట్టు లేదు' ఫిర్యాదులు వచ్చాయి కాబట్టి అదే దామాషాలో ఈ 131 చీరల మీద 12,600 దాకా రావచ్చు, 15,000 అనుకుందాం. మొత్తం 1,08,600. ఆపింది 2,10,000. కాబట్టి లక్ష రూపాయలు ఇప్పుడు విడుదల చేయమని, మిగతాది ఆ 13 చీరలు చేరుతున్న కొద్దీ వదలమని అడగడం న్యాయమైన కోరిక. 'మొత్తం ఇవ్వండి' అనే ఉత్తరానికి 'సమీక్ష తేదీ వరకు ఆగండి' అన్న రెడీమేడ్ జవాబు వస్తుంది. లెక్క చూపి కొంత అడిగిన ఉత్తరాన్ని మాత్రం ఎవరో ఒకరు తెరిచి చూడాల్సి వస్తుంది.

ఉత్తరంలో ఏం రాయాలి

ఒక పేజీ దాటనివ్వకండి. ఇంగ్లీషులో పంపేదే అయినా, సారాంశం ఇలా ఉండాలి:

'మా ఖాతా నంబరు ఫలానా. ఫలానా తేదీన 2,10,000 రూపాయలు రిజర్వ్‌లో ఉంచారు. ఆరు డిస్ప్యూట్లలో రెండు అంగీకరించాం, నాలుగింటికి ఆధారాలు సమర్పించాం. గత మూడు నెలల ఆర్డర్లన్నిటి డెలివరీ వివరాలు జతచేసిన షీటులో ఉన్నాయి. రుజువు లేని ఆర్డర్లు 13, విలువ 93,600. ఇకపై వచ్చే అవకాశమున్న ఫిర్యాదులకు 15,000 అదనంగా వదిలి, 1,00,000 విడుదల చేయవలసిందిగా కోరుతున్నాం. డిస్ప్యూట్లకు కారణమైనవాటిని సరిదిద్దిన తీరు కింద రాశాం. మిగతా మొత్తానికి సమీక్ష తేదీ తెలియజేయగలరు.'

నేతవారి కష్టాలు, పండగ ఖర్చులు ఇందులో రాయాలనిపిస్తుంది. అవి నిజమే, కానీ చదివేవాళ్ల చేతిలో ఉన్నది ఒక రిస్కు లెక్క మాత్రమే. వాటికి అందులో గడి లేదు.

'సరిదిద్దిన తీరు' అన్న భాగం ఉత్త మాటగా ఉండకూడదు, తెరిచి చూస్తే కనిపించాలి. స్టేట్‌మెంటులో పడే పేరును పేజీ పేరుకు దగ్గరగా మార్పించండి. మగ్గం మీదున్న చీరకు 'ఏడు రోజుల్లో డెలివరీ' అని రాయడం మానేసి, నేతకు పట్టే రోజులతో కలిపి రాయండి. అందలేదన్న ఫిర్యాదుల్లో సగం ఈ ఒక్క అబద్ధపు గడువు వల్ల వస్తాయని నా అభిప్రాయం. పేమెంట్ లింకులోని వివరణ గడిలో 'చీర' అని వదిలేయకుండా రంగు, కుంభం అంచు, బ్లౌజు ఉందా లేదా, పంపే తేదీ రాయండి. డిస్ప్యూట్ వస్తే అదే మీ ఒప్పంద పత్రం. ఈ మార్పుల స్క్రీన్‌షాట్లు ఉత్తరానికి జత చేయండి.

సరిహద్దు చిరునామాల చిక్కు

ఇది హైదరాబాదులో కూర్చున్నవాళ్లకు రాని సమస్య, గంజాం జిల్లాలో తరచూ వచ్చేది. జీఎస్టీ నంబరు ఒడిశాది, అంటే 21తో మొదలవుతుంది. బ్యాంకు ఖాతా మాత్రం పుట్టింటివైపు ఇచ్ఛాపురం బ్రాంచిలో ఉంటుంది. కొరియర్ అక్కడ చవకనో, త్వరగా వెళ్తుందనో చీరలు ఇచ్ఛాపురంలోనే బుక్ చేస్తారు. అప్పుడు ట్రాకింగ్‌లో బయలుదేరిన చోటు ఆంధ్రప్రదేశ్, పిన్ 532312 అని పడుతుంది. బిల్లులో బరంపురం, 760 పిన్. మనకు ఇదేమీ వింత కాదు, ఒకే సంతకు రెండు రాష్ట్రాలవాళ్లు వస్తారు. రిస్కు సాఫ్ట్‌వేరుకు మాత్రం ఇది వేరే ఎవరో సరుకు పంపుతున్నట్టు కనిపిస్తుంది.

చేయవలసింది ఏమిటంటే, సరుకు బరంపురం నుంచే అమ్ముతున్నాం, కొరియర్ బుకింగ్ మాత్రమే ఇచ్ఛాపురంలో అని ఉత్తరంలో ఒక వాక్యం రాసి బుకింగ్ రసీదులు జత చేయడం. ఇచ్ఛాపురంలో నిజంగా స్టాకు పెట్టి అక్కడి నుంచే అమ్ముతుంటే మాత్రం సంగతి వేరు. జీఎస్టీ రిజిస్ట్రేషన్ రాష్ట్రానికొకటి కాబట్టి ఆంధ్రకు 37తో మొదలయ్యే నంబరు విడిగా తీసుకోవాలి. దాన్ని కప్పిపుచ్చేలా ఉత్తరం రాయవద్దు. బరంపురం నుంచి హైదరాబాదు, విశాఖ కొనుగోలుదారులకు వేసే బిల్లులో ఐజీఎస్టీ ఉండాలి. పాత టెంప్లేటు వాడి సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ వేసిన బిల్లు డిస్ప్యూట్ ఆధారంగా పెడితే చూసేవాళ్లకు అనుమానం వస్తుంది.

జవాబు రాకపోతే

మీ గేట్‌వే లాంటి పేమెంట్ అగ్రిగేటర్లకు రిజర్వు బ్యాంకు 2020 మార్చి 17న మార్గదర్శకాలు, 2025 సెప్టెంబరు 15న మాస్టర్ డైరెక్షన్ ఇచ్చింది. వ్యాపారుల కోసం వసూలు చేసిన డబ్బును అగ్రిగేటరు షెడ్యూల్డు వాణిజ్య బ్యాంకులో ఎస్క్రో ఖాతాలో ఉంచాలి, తన సొంత ఖర్చులకు వాడుకోకూడదు. ఫిర్యాదులు చూసే నోడల్ అధికారి, ఏ స్థాయిలో ఎవరిని సంప్రదించాలో తెలిపే వివరాలు బహిరంగంగా ఉండాలి. మీ గేట్‌వే అనుమతి ఉన్నదేనా అని రిజర్వు బ్యాంకు సైటులోని జాబితాలో ఒకసారి చూసుకోండి.

ముందు సపోర్టు టికెట్, తర్వాత నోడల్ అధికారికి అదే ఉత్తరం, టికెట్ నంబరుతో. అక్కడా ముప్పై రోజులు మౌనమే అయితే cms.rbi.org.in లో ఫిర్యాదు నమోదు చేయవచ్చు. ఇక్కడ మాటల ఎంపిక ముఖ్యం. రిజర్వు బ్యాంకు సమీకృత అంబుడ్స్‌మన్ పథకంలో, సంస్థల వాణిజ్య నిర్ణయాల మీద ఫిర్యాదులు తీసుకోరు. 'రిజర్వ్ పెట్టడం అన్యాయం' అని రాస్తే తోసిపుచ్చడానికి అది చాలు. 'ఏ నిబంధన కింద ఆపారో చెప్పలేదు', 'తామే ఇచ్చిన విడుదల తేదీ దాటింది', 'నోడల్ అధికారి జవాబివ్వలేదు' అని రాస్తే అది సేవాలోపం అవుతుంది. తొలి రోజున రాతపూర్వకంగా అడిగిన ఆ నాలుగు ప్రశ్నలకు వచ్చిన జవాబు, లేదా రాని జవాబు, ఇక్కడ పనికొస్తుంది. ఆ తర్వాత మిగిలేది లాయరు నోటీసు. అయితే చాలా ఒప్పందాల్లో వివాదాలకు బెంగళూరులోనో ముంబైలోనో ఆర్బిట్రేషన్ అని ఉంటుంది. లక్ష రూపాయల కోసం అంతదూరం వెళ్లడం గిట్టుబాటు కాదు.

డబ్బు ఆగినా ఆగని జీఎస్టీ

రిజర్వ్‌లో ఉన్న సొమ్ము మీ పుస్తకాల్లో ఖర్చు కాదు, గేట్‌వే నుంచి రావలసిన బాకీ. అమ్మకం జరిగి బిల్లు వేశాక, డబ్బు చేతికి రాలేదని ఆ నెల జీఎస్టీ కట్టడం వాయిదా వేయడానికి వీల్లేదు. మన అక్క అంగీకరించిన రెండు చీరలకు మాత్రం, చీర వెనక్కి వచ్చాక క్రెడిట్ నోటు వేసి ఆ పన్ను తగ్గించుకోవచ్చు. మెరూన్ చీరను వెనక్కి తెప్పించుకోమన్నది అందుకు కూడా.

విసుగొచ్చి గేట్‌వే ఖాతాను మూసేయాలనుకుంటే ఒక్క సంగతి చూసుకోండి. ఖాతా మూసినంత మాత్రాన రిజర్వ్ చేతికి రాదు. చివరి లావాదేవీకి ఫిర్యాదు గడువు తీరేదాకా పట్టి ఉంచుకునే హక్కు చాలా ఒప్పందాల్లో వాళ్లకుంటుంది. కొత్త అమ్మకాలు లేనందువల్ల డిస్ప్యూట్ల శాతం తగ్గే దారి కూడా మూసుకుపోతుంది. ఖాతా తెరిచే ఉంచి, తెలిసిన కొనుగోలుదారుల చిన్న ఆర్డర్లు రుజువులతో సహా దానిలో నడిపిస్తూ, రెండో సమీక్షకు సవరించిన షీటు పంపండి.